ఆగకుండా తిరుగుతోందంటే వాచీ బాగున్నట్టు కాదు

వాచీల గురించి తరచూ వినిపించే ప్రచారం ఇది: “మెకానికల్ వాచీని ఆగిపోయేదాకా ముట్టుకోవద్దు. టైమ్ కరెక్ట్‌గా చూపిస్తోందంటే లోపల అంతా బాగున్నట్టే. సర్వీసంటే పెట్రోల్‌లో ముంచి రెండు చుక్కల నూనె వెయ్యడం, దానికి మూడొందలు చాలు. అయిదేళ్లకోసారి సర్వీస్ అనేది కంపెనీలు డబ్బు గుంజడానికి పెట్టిన రూలు.”

టైమ్ సంగతితో మొదలుపెడదాం, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. మన ఇళ్లలో ఇంకా కనిపించే హెచ్ఎంటీ జనతా తీసుకోండి. 17 జ్యూయెల్స్, అంటే ఇరుసులు తిరిగే గట్టి రాళ్లు, రోజూ కీ ఇవ్వాలి. అందులో బ్యాలెన్స్ వీల్ సెకనుకి అయిదు టిక్కుల లెక్కన, అంటే గంటకి 18,000 టిక్కులతో అటూ ఇటూ తిరుగుతుంది. ఊయల గట్టిగా ఊగినా మెల్లగా ఊగినా ఒక ఊపుకి పట్టే సమయం ఇంచుమించు ఒకటే కదా, ఇదీ అంతే. నూనె ఎండి ఊపు సగానికి తగ్గినా ముళ్లు దాదాపు సరిగ్గానే నడుస్తాయి. ఆ కాస్త తేడాని కూడా నడక వేగాన్ని సర్దే రెగ్యులేటర్ మీట వెంట్రుకవాసి జరిపి కప్పెయ్యొచ్చు.

అలా కప్పేసిన వాచీ ఎలా నడుస్తుందో చూడండి. బల్ల మీద వెల్లకిలా ఉన్నప్పుడు రోజుకి 40 సెకన్లు ముందుకి పోతుంది, కీ కిందికి వచ్చేలా నిలబెడితే 40 సెకన్లు వెనకబడుతుంది. రాత్రి 12 గంటలు బల్ల మీద ఉండి 20 సెకన్లు సంపాదించింది. పగలు 12 గంటలు చేతికి వేలాడుతూ, చాలావరకు నిలువుగానే ఉండి, ఆ 20 పోగొట్టుకుంది. ఫోన్‌తో పోల్చి చూస్తే సెకను తేడా లేదు! యజమాని మురిసిపోతాడు. టిక్కుల చప్పుడు విని నడకనీ ఊపునీ కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెడితే మాత్రం వెల్లకిలా ఊపు 200 డిగ్రీలు, నిలబెడితే 165. ఆరోగ్యంగా ఉన్న వాచీకి నిండుగా కీ ఇస్తే వెల్లకిలా 260 నుంచి 300 దాకా ఉండాలి. (వాచీ లోపలి మెషీన్‌ని మూమెంట్ అంటారు. టైమ్‌గ్రాఫర్‌లో ఆ మూమెంట్‌కి తగిన లిఫ్ట్ యాంగిల్, అంటే ఊపు లెక్కకి వాడే కోణం, పెట్టకపోతే ఊపు అంకె తప్పు వస్తుంది. షాపులో అడగడానికి మొహమాటపడకండి.)

యంత్రం లేకపోయినా ఈ పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు. నిండుగా కీ ఇచ్చి, ఫోన్ గడియారంతో ఎన్ని సెకన్ల తేడా ఉందో రాసుకుని, 12 గంటలు వెల్లకిలా ఉంచండి. మళ్లీ తేడా రాసుకుని, మళ్లీ నిండుగా కీ ఇచ్చి, 12 గంటలు కీ కిందికి ఉండేలా నిలబెట్టండి. మధ్యలో కీ ఇవ్వడం మానకూడదు, మానితే స్ప్రింగ్ బలం తగ్గిన ప్రభావం కూడా లెక్కలో కలిసిపోతుంది. రెండు పూటల ఫలితాల మధ్య తేడా అయిదారు సెకన్లయితే దిగుల్లేదు. పై వాచీలాగా 40 సెకన్లు వచ్చిందంటే నూనె పని అయిపోయిందనో, బ్యాలెన్స్‌లో ఏదో లోపం ఉందనో అనుమానించాలి. ఉన్నట్టుండి రోజుకి నిమిషాల చొప్పున ముందుకి పరిగెత్తితే అది వేరే జబ్బు. అయస్కాంతం పట్టి గానీ నూనె అంటుకుని గానీ, బ్యాలెన్స్ వీల్‌ని అటూ ఇటూ తిప్పే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు అతుక్కుని ఉంటాయి.

ఆగేదాకా ఆగితే నష్టమేంటంటే, జ్యూయెల్ అరగకపోయినా అందులో తిరిగే ఉక్కు ఇరుసు అరుగుతుంది. బ్యాలెన్స్ ఇరుసు కొస మందం మిల్లీమీటర్‌లో పదో వంతు. ఎండిన నూనెలో దుమ్మూ ఉక్కుపొడీ కలిస్తే అది గరుకు పేస్టులా మారి ఇరుసుని సాన పట్టినట్టు కోసేస్తుంది. విప్పిన మెకానిక్‌కి జ్యూయెల్ చుట్టూ గోధుమరంగు వలయం కనిపించేది అందుకే. కీ ఇస్తే బిగుసుకుని వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బా, అంటే బ్యారెల్ పరిస్థితి ఇంకా అన్యాయం. 17 జ్యూయెల్స్ వాచీలో దాని ఇరుసుకి జ్యూయెల్ ఉండదు, ఇత్తడి రంధ్రంలోనే తిరుగుతుంది. నూనె లేకపోతే ఆ రంధ్రం కోలగా సాగి, బ్యారెల్ ఒరిగి ప్లేటుకి రాసుకుంటుంది. కడిగితే పోయే మురికి కాదది, రంధ్రానికి బుష్, అంటే కొత్త లోహపు తొడుగు, వెయ్యాలి.

ఇక పెట్రోల్ వైద్యం. విప్పకుండా ముంచితే మురికి పోదు, పలచబడి రంధ్రాల్లోకి దిగుతుంది. పైనుంచి వేసిన చుక్క ఇరుసు దగ్గర నిలవకుండా ప్లేటు మీద పాకి, ఒక్కోసారి హెయిర్ స్ప్రింగ్ దాకా పోతుంది.

అసలు ఓవర్‌హాల్‌లో ముందు వాచీ నడకని కొలిచి రాసుకుంటారు. ముళ్లు, డయల్ తీసి, మెయిన్ స్ప్రింగ్ బిగువు మొత్తం వదిలించి, ఆ తర్వాతే, చక్రాలని టిక్కు టిక్కుకీ ఆపి వదిలే ప్యాలెట్ ఫోర్క్ తీస్తారు. బిగువు ఉండగా ఫోర్క్ తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్లు, ఇరుసులు పాడవుతాయి. ప్రతి భాగాన్నీ విడదీసి, జ్యూయెల్ రంధ్రాలని చెక్కిన పుల్లతో తుడిచి, క్లీనింగ్ ద్రావకంలో కడిగి, రెండుసార్లు రిన్స్ చేసి ఆరబెడతారు. ఫోర్క్‌ని ఆల్కహాల్‌లో నానబెట్టకూడదు, దాని రాళ్లని పట్టి ఉంచే లక్క కరిగిపోతుంది. బ్యారెల్ విప్పి మెయిన్ స్ప్రింగ్ చూస్తారు, అది చచ్చుబడి ఉంటే మార్చడమే.

బిగించేటప్పుడు నూనె ఒకటే రకం కాదు. వేగంగా తిరిగే ఇరుసులకి మోబియస్ కంపెనీ 9010 లాంటి పలచటిది, బరువు మోసే నిదానపు చక్రాలకి చిక్కటిది, ప్యాలెట్ రాళ్లకి అదే కంపెనీ 9415, కీ దగ్గరి భాగాలకి గ్రీజు. 9415 కదలకుండా ఉన్నప్పుడు జెల్లీలా ఉండి, దెబ్బ తగిలిన క్షణంలో పలచబడుతుంది, అందుకే రాయి మీదనుంచి జారిపోదు. ఇరుసు చుట్టూ ఉండే చిన్న గుంట సగం కంటే కాస్త ఎక్కువ నిండితే చాలు. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకి మాత్రం అసలు నూనె వెయ్యరు, వేస్తే ఊపు తగ్గుతుంది. డయల్ మీద పారాషాక్ అని రాసి ఉంటుందే, దెబ్బ తగిలినా బ్యాలెన్స్ ఇరుసు విరగకుండా కాచే ఆ షాక్ అమరికలోని పై జ్యూయెల్‌ని విప్పి, విడిగా కడిగి, దాని మీద నూనె పెట్టారా లేదా అన్నదే పనితనానికి కొలత. తొందరపని చేసేవాళ్లు వదిలేసేది దాన్నే.

మూడు నాలుగు గంటల చేతిపని ఇది. మూడొందలకి ఎవరూ చెయ్యలేరు, చేశామంటే పై చుక్క వైద్యమే. జనతా లాంటి వాచీకి జాగ్రత్తగా చేసే షాపులో ఊరిని బట్టి సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేలు అవుతుంది. విడిభాగాలు వేరే. హెచ్ఎంటీ పాత వాచీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి కాబట్టి పాత స్టాకో, మరో వాచీ నుంచి తీసిందో దొరకాలి. డయల్‌కి రంగు వెయ్యొద్దని, పాత భాగాలు తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. ఆటోమేటిక్‌లలో లెక్క మారుతుంది. సీకో ఎన్‌హెచ్35 లాంటి మూమెంట్‌కి కొత్తది కొని పెట్టడమూ పాతది ఓవర్‌హాల్ చెయ్యడమూ ఇంచుమించు ఒకటే ఖర్చు, అక్కడ మార్చేసుకోవడం తప్పేమీ కాదు. ఖరీదైన స్విస్ వాచీ కంపెనీకి పంపితే బిల్లు పదుల వేలల్లో ఉంటుంది. అందులో కేసు పాలిష్, కొత్త గ్యాస్కెట్లు, నీటి పరీక్ష కూడా ఉండొచ్చు, అడిగి తెలుసుకోవాలి.

అయిదేళ్ల రూలు మీద ఆ ప్రచారంలో కొంత నిజముంది. రోలెక్స్ దాదాపు పదేళ్లంటుంది, ఒమేగా అయిదు నుంచి ఎనిమిదంటుంది, అంటే అందరికీ ఒకే గడువు లేదు. గట్టిగా మూసిన కేసులో సింథటిక్ నూనె చాలాకాలం నిలుస్తుంది, ఊపు బాగుంటే ఎనిమిదేళ్లయినా విప్పనక్కర్లేదు. జనతాలాంటి నీరు ఆపని కేసులోకి చెమటా దుమ్మూ దూరతాయి, రోజూ పెట్టుకునేదైతే నాలుగైదేళ్లకి చూపించాలి. తాతగారి బీరువాలో పదిహేనేళ్లు పడుకున్న వాచీకైతే కీ ఇచ్చి “నడుస్తోంది” అని చేతికి పెట్టుకునే ముందే చేయించాలి, ఎండిన నూనెతో నడిచే ప్రతి రోజూ దానికి అరుగుదలే.