స్టిక్కరు మాహాత్మ్యం

బరంపురంలో మా మేనల్లుడు మానిటర్ కొంటానంటే వెంట వెళ్లాను. ఒకే కంపెనీవి, ఒకేలాంటివి రెండు చూపించారు. ఒకదాని మీద హెచ్‌డీఆర్ 400 అని స్టిక్కరు ఉంది. దాని ధర మూడు వేలు ఎక్కువ. తేడా ఏమిటని అడిగితే షాపు కుర్రాడు ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో "ఇది హెచ్‌డీఆర్ సార్" అన్నాడు. రెండు భాషల్లో చెప్పాక ఇంకా అనుమానించడం మర్యాద కాదు.

అందుకే ఆ స్టిక్కరును భక్తితో పరిశీలించాను. 400 అంటే తెర గరిష్ఠంగా ఎంత వెలగగలదో నిట్లలో చెప్పే లెక్క. మామూలు మానిటర్లు 250, 300 దగ్గర ఆగిపోతాయి కాబట్టి ఇది కాస్త ఎక్కువే. ఈ ముద్రలు 2017లో వెసా అనే సంస్థ మొదలుపెట్టింది. ఉత్త "హెచ్‌డీఆర్ 10 సపోర్ట్" అని రాసుంటే మాత్రం ఆ మానిటర్ హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటుందని అర్థం, అంతే. తీసుకుని ఏం చేస్తుందనేది దాని ఇష్టం.

హెచ్‌డీఆర్ అసలు పని ఒకే దృశ్యంలో చంద్రుణ్ణి వెలిగించి, పక్కన ఆకాశాన్ని నల్లగా ఉంచడం. చవక మానిటర్లో వెనక లైటు తెరంతటికీ ఒక్కటే. ఇంటికంతా ఒకే స్విచ్చు ఉన్నట్టు, దేవుడి గదిలో దీపం కావాలంటే పెరట్లోనూ వెలగాలి. 400 ముద్రకు లైటును భాగాలుగా తగ్గించే ఏర్పాటు తప్పనిసరి కాదు. మామూలు ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెరలో తెలుపు, నలుపుల నిష్పత్తి సుమారు 1000కి 1. మామూలుగా 200 నిట్ల దగ్గర చూస్తే నలుపు 0.2 నిట్లు. హెచ్‌డీఆర్ పెట్టి 400కి లేపితే నలుపు కూడా 0.4 అవుతుంది. మూడు వేలు పోసి అమావాస్యను రెండింతలు వెలిగించుకున్నామన్నమాట. ఇంత ఉదారమైన చీకటి ఇంకెక్కడ దొరుకుతుంది?

నమ్మనివాళ్లకు పరీక్ష ఉంది. గది చీకటి చేసి, హెచ్‌డీఆర్ ఆన్ చేసి, నల్లటి బొమ్మ తెరనిండా పెట్టి, తెల్లటి మౌస్ బాణాన్ని కదపండి. బాణంతో పాటు తెరంతా బూడిదరంగుగా మెరిస్తే లైటు ఒక్కటే. నిలువు పట్టీ ఒకటి బాణం వెంట నడిస్తే లైటుకు కొన్ని భాగాలైనా ఉన్నాయని సంతోషించండి. షాపులో ఇది చేద్దామంటే "లైట్లు ఆర్పితే షాపు మూసేశామనుకుంటారు సార్" అన్నాడు కుర్రాడు. న్యాయమే.

ఆ 400 నిట్లు వృథా అని మాత్రం అనను. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడే గదిలో అక్షరాలు బాగా కనిపిస్తాయి. హెచ్‌డీఆర్ ఆఫ్‌లో ఉంచినా సరే, నిజానికి అప్పుడే ఇంకా బాగుంటుంది.

ఇంకో 400 కూడా ఉంది. ఓలెడ్ తెరలకు ఇచ్చే ట్రూ బ్లాక్ 400. అందులో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది, ఆరిపోతుంది. నలుపు 0.0005 నిట్లు దాటకూడదు, అంటే మన స్టిక్కరు నలుపులో 800వ వంతు. ధర వేరే లోకం. కానీ రెండింటి మీదా అంకె 400నే కాబట్టి షాపువాడికి అబద్ధం ఆడాల్సిన అవసరమే రాదు.