చేతికొచ్చే జీతం, ఖాతాకు చేరే జీతం

నెల్లూరు పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది. కొత్తగా చేరినవారు మొదటి నెల పే స్లిప్ అందుకోగానే కోతల వరుస దగ్గరే ఆగిపోవడం చాలాసార్లు చూశాను. కిందటేడాది కోవూరు వైపు నుంచి వచ్చి నాణ్యత విభాగంలో చేరిన ఒక బీఎస్సీ అమ్మాయి నెల తిరక్కుండానే రాజీనామా పత్రంతో నా బల్ల దగ్గరికి వచ్చింది. "అక్కడ కటింగులేం లేవంట సార్, పదిహేను వేల అయిదొందలు చేతికిస్తామన్నారు" అని చెప్పింది. అక్కడ అంటే, పట్టుమని పదిమంది కూడా పనిచేయని ఒక చిన్న కొనుగోలు షెడ్డు. అంత చిన్నచోట పీఎఫ్, ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ, ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ చట్టాలు మామూలుగా వర్తించవు కాబట్టి వాళ్లు ఆమెకు అబద్ధమేమీ చెప్పలేదు. తప్పు మాదే. చేరిన రోజున పద్నాలుగు పేజీల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నామే గాని, ఆ కోత ఎక్కడికి పోతుందో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రోజు ఆమె ఎదుట వేసిన లెక్కనే ఇక్కడ మళ్లీ వేస్తాను. ఆమె జీతం మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 15,000 రూపాయలు. అందులో 12 శాతం చొప్పున 1,800 పీఎఫ్‌కు, 0.75 శాతం చొప్పున 113 ఈఎస్ఐకి పోగా చేతికి వచ్చేది 13,087. షెడ్డువాళ్లు ఇస్తామన్నదానితో పోల్చితే నెలకు 2,413 రూపాయలు తక్కువ. నెల్లూరులో గది అద్దె కట్టుకుంటున్న మనిషికి అది చిన్న మొత్తం కాదు. ఆమె లెక్కలో ఆమె సరిగానే ఉంది.

అయితే ఆ 1,800 ఆమె పేరనే ఉన్న ఖాతాలో పడుతుంది. దానికి తోడు యాజమాన్యం కూడా 12 శాతం, అంటే మరో 1,800 కడుతుంది. అందులో 1,250 పింఛను పథకానికి వెళ్లగా మిగిలిన 550 ఆమె పీఎఫ్ ఖాతాకే చేరుతుంది. చేతికొచ్చిన 13,087కు ఖాతాలో పడిన 2,350 కలిపితే 15,437 అవుతుంది. అంటే పింఛను, వైద్యం, బీమా, గ్రాట్యుటీ వేటినీ లెక్కలోకి తీసుకోకముందే రెండు ఉద్యోగాల మధ్య తేడా 63 రూపాయలకు దిగింది. 2024-25కు ప్రకటించిన 8.25 శాతం వడ్డీయే కొనసాగి, జీతం ఒక్క రూపాయి కూడా పెరగకపోయినా, అయిదేళ్లలో ఆ ఖాతాలో సుమారు లక్షా 72 వేలు ఉంటుంది.

ఇక్కడితో ఆగి, మిగిలినవన్నీ కూడేసి "మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అంటే మీ సీటీసీ, 18,084" అని చెప్పడం చాలా కంపెనీల అలవాటు. నాకు అది నచ్చదు. అందులోని ప్రతి రూపాయీ ఒకే రోజున, ఒకే షరతు మీద ఉద్యోగిది కాదు. కొత్తవారికి శాతాల కంటే ముందు చెప్పవలసింది ఏది ఎప్పుడు తమదవుతుందన్నది. పీఎఫ్ ఖాతాలోని రెండు వాటాలూ జమ అయిన నాటి నుంచే వారివి. పింఛనుకు మాత్రం పదేళ్ల సర్వీసు నిండాలి. 15,000 వేతనం మీద పదేళ్లకు వచ్చే పింఛను, వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తే, నెలకు 2,143 రూపాయలు. అదీ మామూలుగా 58వ ఏట నుంచి. ఇది పెద్ద మొత్తమని నేను ఎవరికీ చెప్పను. కాని ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ డబ్బుతోపాటు పింఛను డబ్బు కూడా తీసేసుకునేవారు ఆ పింఛను సర్వీసును తుడిచేసుకుంటున్నారని, పీఎఫ్ సభ్యుడికి ఉద్యోగం మారినా మారని సంఖ్య అయిన పాత యూఏఎన్‌నే కొత్త యజమానికి ఇచ్చి ఖాతాను బదిలీ చేయించుకుంటే ఆ ఏళ్లు కలుస్తాయని తప్పకుండా చెబుతాను.

గ్రాట్యుటీ విషయంలోనే ఎక్కువ మనస్తాపాలు వస్తాయి. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కగట్టి ఇస్తారు. ఈ అమ్మాయి విషయంలో ఏడాదికి 8,654 రూపాయలు. నియామక పత్రంలో దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 721 అని చూపిస్తారు. ఆ 721 ఏ ఖాతాలోనూ ఆమె పేర పడదు. నాలుగేళ్లకు మానేస్తే మామూలుగా పైసా రాదు. అయిదేళ్లు నిండితే 43,269 వస్తుంది. అయిదేళ్ల ఏడు నెలలకు మానేస్తే, ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి 51,923 వస్తుంది. ఈ ఏడు నెలల సంగతి తెలియక, అయిదేళ్ల నాలుగు నెలలకు మానేసి ఒక ఏడాది డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం నిర్ణీత కాలానికి నియమితులైనవారికి ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. కాబట్టి నియామక పత్రంలో తమ ఉద్యోగం ఏ రకమని రాశారో చదువుకోవడం అవసరం.

ఈఎస్ఐ తీరు వేరు. నెలకు 21,000 వరకు వేతనం ఉన్నవారికి వర్తించే ఈ పథకానికి యాజమాన్యం 3.25 శాతం, ఈమె విషయంలో 488, కడుతుంది. వాడుకోకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. డిస్పెన్సరీలో మందులు దొరకవు, వరుసల్లో నిలబడాలి అన్న ఫిర్యాదు నేనూ విన్నాను, అందులో నిజముంది. అయినా మా పనిలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. చేరిన మొదటి వారంలోనే జారిపడి మణికట్టు విరిగినా, పనికి రాలేని రోజులకు వేతనంలో సుమారు 90 శాతం ఈఎస్ఐ చెల్లిస్తుంది. పని గాయానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న నిబంధన లేదు. మామూలు జబ్బుకైతే 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు గాని, దానికి చందా కాలంలో 78 రోజులు కట్టి ఉండాలి. కొత్తగా చేరినవారికి మొదటి నెలల్లో ఇది రాదని ముందే చెప్పాలి.

పే స్లిప్‌లో అసలు కనబడనిది ఇంకొకటి ఉంది. యాజమాన్యం నెలకు 75 రూపాయలు పీఎఫ్‌కు అనుబంధంగా ఉన్న బీమాకు కడుతుంది. ఏడాదిపాటు పనిచేసిన తర్వాత ఉద్యోగంలో ఉండగా మరణిస్తే, 15,000 వేతనం ఉన్నవారి కుటుంబానికి వేతనానికి 35 రెట్లు, అంటే 5,25,000 రూపాయలు, దానిపైన ఖాతా నిల్వను బట్టి మరికొంత, మొత్తం 7 లక్షలు మించకుండా అందుతుంది. ఆ సందర్భంలో గ్రాట్యుటీకి కూడా అయిదేళ్ల షరతు ఉండదు. ఇరవై రెండేళ్ల పిల్లకు ఈ మాట చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పాలి. నామినీ పేరు నమోదు చేయకపోతే ఆమె తల్లి వారసత్వ ధ్రువపత్రాల కోసం తిరగవలసి వస్తుంది. పెళ్లికి ముందు పీఎఫ్‌లో పెట్టిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదని, మళ్లీ పెట్టాలని కూడా అప్పుడే చెప్పాలి.

ఇవన్నీ విన్నాక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీరు కట్టారని నాకెట్ట తెలుస్తుంది?" ఇంతవరకు నన్ను అడిగినవాటిలో అదే సరైన ప్రశ్న. కోసి కట్టనివారు, ముఖ్యంగా మధ్యలో కాంట్రాక్టర్ ఉన్నచోట, లేకపోలేదు. ఏ నెల చందానైనా మరుసటి నెల 15వ తేదీలోపు కట్టాలి. కాబట్టి ఆ నెలాఖరుకు ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే కోత పడిన నెల వరుసలో 1,800, 550, 1,250 అన్న మూడు అంకెలు పక్కపక్కన కనబడాలి. రెండు నెలలు వరుసగా కనబడకపోతే పే స్లిప్ పట్టుకుని జీతాల విభాగాన్ని అడగాలి, అక్కడ తేలకపోతే పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి.

ఆమె ఫోనులో అప్పటికప్పుడు తెరవబోతే ఖాతా తెరుచుకోలేదు. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది, మేము ధ్రువపత్రం చూసి ఎక్కించాం. మన ప్రాంతంలో పీఎఫ్ పనులు ఆగిపోయేది ఎక్కువగా ఈ ఇంటిపేరు దగ్గరే. ఆధార్‌లో ఉన్నట్టే పేరు సరిచేయించడానికి ఉమ్మడి అభ్యర్థన పెట్టి, రాజీనామా పత్రం వెనక్కి ఇచ్చాను. మూడు వారాల తర్వాత ఆమె మా గదికి వచ్చి పాస్‌బుక్‌లోని మూడు అంకెలూ చూపించింది.