'ముందుదే ఉంచండి' గారికి ఓ డీటీపీ ఆపరేటరు లేఖ

మహారాజశ్రీ 'ముందుదే ఉంచండి' గారి దివ్యసముఖమునకు,

అమలాపురంలో పెళ్లికార్డులు వేసుకుని బతికే ఒక డీటీపీ ఆపరేటరు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరూ క్షేమం, ఐదు వందల కార్డులు తప్ప.

అవి నిన్న మధ్యాహ్నం మూడింటికి రెండు సంచుల్లో తిరిగొచ్చాయండి. వంద దాకా నాలుగు మూలలా పసుపు కూడా పెట్టేశారు. పై కట్టకి తడి ఇంకా ఆరలేదేమో, కౌంటరు అద్దానికి పచ్చగా అంటుకుంది. పెళ్లికూతురి మేనమామగారు ఒక కార్డు తీసి, పైభాగంలో వేలు పెట్టి చూపించారు. ఆ వేలి కింద ఏమీ లేదు. అదే గొడవ. అక్కడ పెళ్లికూతురి తాతగారి పేరు ఉండాలి.

"ముందుదే ఉంచమన్నాను కదా తమ్ముడూ!"

"ముందుదే ఉంచాను బాబాయ్ గారూ."

ఇద్దరం నిజమే చెప్పాం. మధ్యలో తమరు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు.

అసలు జరిగింది తమరికి తెలియంది కాదు. సోమవారం పొద్దున మేనమామగారు ఇచ్చిన చీటీ ప్రకారం వేదిక అమలాపురంలో కల్యాణమండపం. అది pelli1.cdr అనే ఫైలు. మధ్యాహ్నానికి మనసు మారింది. మండపం వద్దు, ఇంటి దగ్గరే పందిరి వేస్తాం, పనిలోపని తాతగారి పేరు పైన వేయండి, పెద్దాయన బాధపడుతున్నారు అన్నారు. అది pelli2.cdr. రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. సగం మాటలు, సగం బండి హారన్. మూడుసార్లు వింటే తేలిందేమిటంటే, వానలు పడితే ఇంటి దగ్గర బురద, కాబట్టి ఊళ్లో గుడి దగ్గర. అది pelli3.cdr. మంగళవారం పొద్దున్నే తమరు వేంచేశారు: "తమ్ముడూ, ముందుదే ఉంచండి."

నేనేమీ గుడ్డిగా మెషీను ఎక్కించలేదండి. ముందుది అంటే మొట్టమొదటిదా, దీనికి ముందుదా అన్న అనుమానం వచ్చింది. ఫోన్ చేసి "మండపమేనా బాబాయ్ గారూ?" అని అడిగాను. "ఆయ్, మండపమే" అన్నారు. అడిగాను, రూఢి చేసుకున్నాను, గర్వంగా pelli1.cdr తెరిచి వేసేశాను. వేదిక తప్పు పోలేదు. తాతగారు పోయారు.

రాత్రంతా నన్ను తినేస్తున్నది ఇదే. నేను అడగకపోతే నా తప్పు అని సరిపెట్టుకుందును. అడిగి మరీ మునిగాను! ఆయన మనసులో ఫైళ్లు లేవు. మండపం ఒకటి, తాతగారు ఒకటి, దేని కథ దానిదే. మండపం విషయంలో మూడుసార్లు మనసు మార్చుకుని మొదటికి వచ్చారు. తాతగారి విషయంలో ఒక్కసారే మారారు, అక్కడే ఉన్నారు. నా దగ్గర మాత్రం అన్నీ ఒకే ఫైల్లో కట్టేసి ఉన్నాయి. మండపం కోసం వెనక్కి వెళ్తే, మధ్యలో చేర్చినవన్నీ చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. నేను మారేదాని గురించి అడిగాను గానీ, మారకూడనిదాని గురించి అడగలేదు.

తమరి పుట్టుకలోనే ఉంది మోసం. 'ముందు' అంటే మొదట, 'ముందు' అంటే ఇందాక, 'ముందు ముందు చూద్దాం' అంటే ఎప్పటికో. ఒక్క మాటకి ఇన్ని దిక్కులు పెట్టుకుని, వెనకాల 'ఉంచండి' అని మర్యాద తగిలించుకుని వస్తారు. ధవళేశ్వరంలో కాటన్ దొరకి సగం కట్టాక ఎవరూ తమర్ని పంపలేదు గనకే 1852కల్లా ఆనకట్ట పూర్తయింది. పంపి ఉంటే ఆయన రాళ్లన్నీ పీకి, గోదారిని 'ముందులాగే' వదిలేసేవాడు.

తమరి చుట్టాలు కూడా తక్కువ వాళ్లేం కాదు. 'ఫైనల్' అనే ఆయన నా కంప్యూటర్లో ఇప్పటికి పదకొండు చోట్ల ఉన్నాడు. బొటనవేలి బొమ్మ మరీ ఘనుడు. "మండపమా, ఇల్లా?" అని మెసేజ్ పెడితే బొటనవేలు వస్తుంది. దేనికి స్వామీ ఆ వేలు?

ఒక్కోసారి మాట మారనే మారదు, మారినట్టు కనిపిస్తుంది. అదీ మా నెత్తినే. ఇదే కార్డులో ముహూర్తం గురువారం రాత్రి 2.14, తెల్లవారితే శుక్రవారం. మేనమామగారు గురువారం అన్నారు, వాళ్లావిడ ఫోన్ చేసి శుక్రవారం అన్నారు. ఎవరి మాట ఉంచాలని కంగారుపడక్కర్లేదు. పంచాంగానికి తెల్లవారితే గానీ రోజు మారదు, గడియారానికి అర్ధరాత్రే మారుతుంది. రెండూ వేసి వినిపిస్తే ఇద్దరూ "అదే కదా మేం చెప్పింది" అన్నారు.

మళ్లీ మళ్లీ అడగొచ్చు కదా అంటారేమో. ఈ సీమలో అది అంత తేలికా? రెండోసారి అడిగితే "మా మాట మీద నమ్మకం లేదేటండీ" అంటారు. మూడోసారి అడిగితే పక్క షాపుకి పోతారు. చీటికీ మాటికీ అడగడం నాకూ ఇష్టం లేదు. అక్షరం సైజు పెంచమంటే పెంచేస్తాను, దానికి ఫోన్ ఎందుకు? కానీ ఇంతకుముందు చెప్పినదానికి అడ్డం వచ్చే మాట వస్తే, అందులోనూ మెషీను ఎక్కబోయే ముందు వస్తే, ఇకమీదట వదిలేది లేదు.

అందుకే నిన్న సాయంత్రం ఆయన ఎదుటే తెల్లకాగితం తీశాను. తప్పు నా మీదే వేసుకుని మొదలుపెట్టాను: "నా చెవుల మీద నాకే నమ్మకం లేదు బాబాయ్ గారూ, ఒక్కసారి చదువుతాను వినండి." తర్వాత ఆయన ఫోన్‌కి కూడా అదే పంపాను:

"వేదిక: మండపం (ఇల్లు, గుడి రెండూ కొట్టేశాను). తాతగారి పేరు: పైన ఉంటుంది. ముహూర్తం: గురువారం రాత్రి 2.14, తెల్లవారితే శుక్రవారం. విందు: గురువారం రాత్రి 7 నుంచి. ఒక్కటే తేలలేదు: తాతగారి పేరు పక్కన నాయనమ్మగారి పేరు వేయాలా, వద్దా? 'వేయి' అనో 'వద్దు' అనో మాటతో చెప్పండి."

బొటనవేలు వచ్చింది.

మళ్లీ పంపాను. "వేయి" అని వచ్చింది. ఆ ముక్క కనుక అడగకపోతే, ఈసారి తాతగారు వచ్చి నాయనమ్మగారు అలిగేవారు. పైగా ఆ మాట ఎన్నడూ తేల్చి చెప్పలేదని ఆయనకే గుర్తులేదు. "చెప్పాను కదా" అన్నారు. లేదు మహాప్రభో! చెప్పలేదు. మనసులో అనుకున్నదాన్ని చెప్పినట్టు లెక్కేసుకుంటే, ఆ లెక్క నా కార్డుల మీద రాస్తారా? ఐదు వందల కార్డులు! ఆ మోడల్ స్టాకు అయిపోయింది, మళ్లీ రాజమండ్రి నుంచి తెప్పించాలి. ఖర్చు చెరి సగం. నీకేం, నువ్వు ఒక ముక్క అని పోతావు!

క్షమించాలి, తమరిని 'నువ్వు' అన్నాను. అననీండి.

అయినా ఆయన మంచివారండి. సగం డబ్బు ఇస్తూ తాపేశ్వరం కాజాల పొట్లం కౌంటరు మీద పెట్టారు, పసుపు అంటిన చోటే. మెట్లు దిగి, స్కూటర్ స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి వెనక్కి తిరిగారు.

"తమ్ముడూ, అక్షరాల రంగు మాత్రం ముందుదే ఉంచండి."

కాజా నోట్లో ఉండగానే కాగితం అందుకున్నాను. "ముందుది అంటే మెరూనా, ఎరుపా బాబాయ్ గారూ?"

ఆయన ఆకాశం కేసి చూసి కాసేపు ఆలోచించారు. "ఇంటికెళ్లి అడిగి చెప్తాను" అన్నారు.

మెషీను ఆపుకుని కూర్చున్నాను.

ఇట్లు,
తమరి బాధితుడు