మౌనానికి మాటలు అంటగట్టే యంత్రం

ఒక సాహిత్య సభ రికార్డింగు తీసుకుందాం. మన సభల తీరు తెలిసిందే కదా. మొదట నాదస్వరం, ఆ తర్వాత ప్రార్థనా గీతం, అధ్యక్షుల వారి పిలుపు. వక్త లేచి మైకు దగ్గరికి వచ్చేలోపు కుర్చీల చప్పుడు, ఫ్యాను హోరు. ఈ ఆడియోను మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే, వక్త నడిచి వస్తున్న ఆ ఇరవై సెకన్ల దగ్గర ఒక వాక్యం ప్రత్యక్షం కావచ్చు: ‘చూసినందుకు ధన్యవాదాలు.’ ఆ మాట సభలో ఎవరూ అనలేదు.

ఇది తప్పుగా వినడం కాదు. ‘రాముడు’ అన్నదాన్ని ‘రావుడు’ అని రాస్తే చదివేవారికి ఎక్కడో తేడా కొడుతుంది, వెనక్కి వెళ్లి వింటారు. వినడానికి ఏమీ లేని చోట పుట్టిన వాక్యం మాత్రం శుభ్రంగా, వ్యాకరణబద్ధంగా ఉంటుంది. అందుకే దాని మీద ఎవరికీ అనుమానం రాదు.

ఈ జబ్బుకు బాగా తెలిసిన ఉదాహరణ ఓపెన్‌ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్. దానికి 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు. వెబ్‌లో దొరికిన ఆడియోను, దానికి అప్పటికే జతగా ఉన్న అక్షరాలను కలిపి నేర్పించారు. చిక్కు ఆ అక్షరాల్లోనే ఉంది. వీడియో చివర మాట ఆగిపోయి సంగీతం మాత్రమే మోగుతున్నప్పుడు సబ్‌టైటిల్ రాసినవారు తమ పేరో, సంస్థ పేరో, వీక్షకులకు కృతజ్ఞతలో వేస్తారు. ఆ సమయంలో చెవికి వినిపించేది సంగీతం, కంటికి కనిపించేది ‘ధన్యవాదాలు’. అలాంటి జతలు చాలా చూసిన యంత్రం ‘ఈ రకం నిశ్శబ్దానికి ఈ రకం వాక్యం’ అని నేర్చుకుంది. జర్మన్ ఆడియోలో మాట లేని చోట జడ్‌డీఎఫ్ టీవీ సంస్థ సబ్‌టైటిల్ క్రెడిట్, జపనీస్‌లో వీక్షకులకు కృతజ్ఞత, ఇంకొన్ని భాషల్లో అమారా సబ్‌టైటిల్ బృందం పేరు ప్రత్యక్షం కావడానికి కారణం ఇదే. దీన్ని కల్పన అనడం కన్నా కంఠస్థం అనడం నయం.

నిశ్శబ్దాన్ని గుర్తించే ఏర్పాటు విస్పర్‌లో లేదనుకోకూడదు. ఉంది. అది పట్టు తప్పే తీరే అసలు తెలుసుకోదగ్గ విషయం.

విస్పర్ ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా వింటుంది. ప్రతి ముక్కలోనూ రాయడం మొదలుపెట్టే ముందు ‘ఇందులో మాట లేదు’ అనడానికి ఎంత అవకాశం ఉందో ఒక అంకె చెబుతుంది. దాని పేరు `no_speech_prob`. అది 0.6 దాటితే ఆ ముక్కను వదిలేయాలి. కానీ ఆ నియమానికి ఒక మినహాయింపు ఉంది. రాసిన వాక్యం మీద యంత్రానికి ఉన్న సగటు నమ్మకపు సంవర్గమానం, అంటే `avg_logprob`, -1.0 కన్నా పైన ఉంటే ముక్కను వదలకూడదు. కోడ్‌లో ఆ భాగం దాదాపు ఇలా ఉంటుంది:

```python
should_skip = no_speech_prob > 0.6
if avg_logprob > -1.0:
    should_skip = False
```

మన సభ దగ్గరికి వద్దాం. ఫ్యాను హోరు ఉన్న ముక్కకు `no_speech_prob` 0.82 వచ్చిందనుకోండి. అంటే మాట లేదని యంత్రం గట్టిగానే చెబుతోంది. అదే ముక్కకు అది ‘చూసినందుకు ధన్యవాదాలు’ అని రాసింది. శిక్షణలో లెక్కలేనన్నిసార్లు చూసిన వాక్యం కాబట్టి మొదటి మాట పడగానే మిగతావి వాటంతట అవే వచ్చేస్తాయి. సగటు నమ్మకం -0.35 వచ్చిందనుకుందాం. ఒక్కో టోకెన్, అంటే ఒక్కో పదం తునక మీద దాదాపు 70 శాతం భరోసా అన్నమాట. -0.35 అనేది -1.0 కన్నా పైన ఉంది కాబట్టి మినహాయింపు వర్తిస్తుంది, ముక్క నిలుస్తుంది, ధన్యవాదాలు పుస్తకానికి ఎక్కుతాయి.

ఈ మినహాయింపు పెట్టినవారిని తప్పుపట్టలేం. మాట ఉన్నా లేదని పొరబడే సందర్భాలను కాపాడటానికే అది ఉంది. కానీ నేరస్థుడి వాంగ్మూలాన్నే నేరస్థుడికి పూచీకత్తుగా తీసుకున్నట్టయింది. కంఠపాఠం ఎంత గట్టిగా వస్తే నమ్మకం అంత ఎక్కువగా కనిపిస్తుంది. కల్పించిన వాక్యాల్లో ప్రమాదకరమైనవి నమ్మకం తక్కువగా ఉన్నవి కావు, ఎక్కువగా ఉన్నవి.

ఇంకో లొసుగు ఉంది. `no_speech_prob` ముక్క మొత్తానికి ఒక్కటే అంకె. అధ్యక్షుల వారు పది సెకన్లు మాట్లాడి కూర్చుంటే, మిగిలిన ఇరవై సెకన్లూ ఖాళీ అయినా ఆ ముక్క ‘మాట ఉన్న’ ముక్కే. తోకలో ఏం పుట్టినా ఆ అంకె పట్టుకోలేదు. పైగా విస్పర్ మామూలుగా ముందు ముక్కలో రాసినదాన్ని తర్వాతి ముక్కకు సందర్భంగా అందిస్తుంది. ఒక కల్పిత వాక్యం చేరిందంటే అదే వాక్యం వరసగా పది, పదిహేను సార్లు రావడం ఇందువల్లే. `condition_on_previous_text` ను `False` చేస్తే ఈ గొలుసు తెగుతుంది. బదులుగా పేర్ల వర్ణక్రమం ముక్కముక్కకూ మారవచ్చు. నా లెక్కలో అది చవక బేరమే.

మాట ఉందా లేదా అన్న తీర్పును రాసే యంత్రానికి వదలకూడదన్నది నా వాదన. ఆ ప్రశ్న ముందే, వేరేవారిని అడగాలి. ఆ పనికి వీఏడీ అనే చిన్న మోడళ్లు ఉన్నాయి. వాటికి భాష రాదు, వాక్యాలు రావు. ప్రతి చిన్న ధ్వని తునక దగ్గరా మనిషి గొంతు ఉందా లేదా అని మాత్రమే చెబుతాయి. రాయడం రాదు కాబట్టి కల్పించడమూ రాదు. సిలెరో అనేది అందరూ వాడే వీఏడీ. విస్పర్‌ను వేగంగా నడిపే faster-whisper లో అది జతచేసే ఉంది:

```python
segments, info = model.transcribe(
    "sabha.wav", language="te",
    vad_filter=True,
    vad_parameters={"min_silence_duration_ms": 700,
                    "speech_pad_ms": 400},
    condition_on_previous_text=False,
)
```

`language="te"` అని విడిగా చెప్పడానికి కారణం ఉంది. చెప్పకపోతే విస్పర్ మొదటి 30 సెకన్లు విని భాషను ఊహిస్తుంది. మన సభలో మొదటి 30 సెకన్లూ నాదస్వరమే. నాదస్వరానికి భాష ఏమిటి? అది ఏది అనుకుంటే సభ మొత్తం ఆ లిపిలో వస్తుంది.

ఇప్పుడు కుర్చీల చప్పుడు దగ్గర ధన్యవాదాలు రావు, ఎందుకంటే ఆ ఇరవై సెకన్లు విస్పర్ చెవిన పడవు. కానీ వీఏడీతో కథ ముగిసిపోదు. ప్రార్థనా గీతం మనిషి గొంతే కదా, దాన్ని మాటగానే లెక్కించి పంపుతుంది. వయొలిన్, సన్నాయి లాంటి గొంతును పోలిన వాద్యాలు కూడా ఒక్కోసారి దాన్ని ఏమారుస్తాయి. పాట భాగాలను వేరుగా గుర్తించే వర్గీకరణ ఇంకొకటి కావాలి, లేదా మనిషే ఆ భాగాన్ని చేత్తో గుర్తు పెట్టాలి. ఒక సభకు రెండు మూడు పాటలే ఉంటాయి కాబట్టి చేత్తో చేయడమే నాకు సుఖంగా తోస్తుంది.

రెండో ప్రమాదం దీనికి ఎదురు దిక్కున ఉంది, తెలుగుకు అది మరీ ప్రమాదం. వీఏడీని కఠినంగా పెడితే మెల్లగా జారిపోయే మాట చివరలు తెగిపోతాయి. మన వాక్యంలో అవునో కాదో తేల్చే భాగం చివరనే ఉంటుంది. ‘ఆయన డబ్బు తీసుకోలేదు’ అన్నదాంట్లో గొంతు దించి పలికిన ‘లేదు’ తెగితే, ‘తీసుకో’ దగ్గర ఆగిన వాక్యాన్ని విస్పర్ తనకు తోచినట్టు పూర్తి చేస్తుంది. ఒక కల్పనను ఆపబోయి ఇంకో కల్పనకు దారి ఇచ్చినట్టే. అందుకే పైన మాటకు రెండు వైపులా 400 మిల్లీసెకన్ల అంచు వదిలాను. వృద్ధుల జ్ఞాపకాలు రికార్డు చేసేవారు ఇంకాస్త వదిలినా తప్పులేదు.

ఆగి ఆగి మాట్లాడేవారి విషయం ఊహ కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలిసన్ కోనెక్ బృందం 2024లో ప్రచురించిన అధ్యయనంలో, మెదడు దెబ్బతిని మాట తడబడే అఫేసియా ఉన్నవారి రికార్డింగులనూ, లేనివారివీ విస్పర్‌తో రాయించి చూశారు. సుమారు ఒక శాతం ఆడియో తునకల్లో ఎవరూ అనని వాక్యాలో పదబంధాలో వచ్చాయి. వాటిలో 38 శాతం హింసను జోడించడం వంటి హాని చేసే రకం. మాట లేని వ్యవధి ఎక్కువగా ఉన్న రికార్డింగుల్లోనే ఈ కల్పనలు ఎక్కువ.

ఇక వడపోత దాటి వచ్చినవాటిని పట్టుకోవడం. చాలామంది చేసే పని ఒక నల్ల జాబితా: ‘ధన్యవాదాలు’, ‘సబ్‌స్క్రైబ్ చేయండి’ వంటివి కనిపిస్తే తీసేయడం. సభలో ప్రతి వక్తా నిజంగానే ధన్యవాదాలు చెప్పి దిగుతాడు మరి! జాబితాలో ఉండటం ఒక్కటే చాలదు. అదే సమయంలో అక్కడ మాట లేదని వీఏడీ కూడా చెప్పాలి. రెండు సాక్ష్యాలూ కలిస్తేనే వేటు.

మాటల వ్యవధి కూడా పనికొచ్చే సాక్షి. పదాలవారీ సమయాలు అడిగితే, కల్పిత వాక్యాల్లో ఒక్కో పదం నాలుగైదు సెకన్లు సాగడమో, కనురెప్ప పాటులో అయిపోవడమో కనిపిస్తుంది. విస్పర్ సొంత కోడ్‌లోని `hallucination_silence_threshold` ఈ లెక్కే వేస్తుంది. నమ్మకం 0.15 కన్నా తక్కువున్న పదం, 0.133 సెకను కన్నా పొట్టిగా ఉన్న పదం, రెండు సెకన్లు దాటిన పదం దాని దృష్టిలో అనుమానాస్పదాలు. ఇంకా తీరిక ఉంటే ఆడియో ముందు ఐదు సెకన్ల ఖాళీ చేర్చి మళ్లీ నడపండి. ముక్కల సరిహద్దులు మారతాయి. నిజమైన మాట తన చోటనే ఉంటుంది, కల్పన చాలావరకు మారిపోతుంది, లేదా మాయమవుతుంది.

తెలుగువారు గుడ్డిగా నమ్మకూడని కొలత ఒకటుంది. ఒకే మాట పదేపదే వచ్చిందేమో చూడటానికి విస్పర్ తన పాఠాన్ని zlib తో కుదించి, ఎన్ని రెట్లు చిన్నదైందో చూస్తుంది. 2.4 రెట్లు దాటితే పునరుక్తి అనుకుని, ఈసారి కాస్త యాదృచ్ఛికత పెంచి మళ్లీ రాస్తుంది. ఇంగ్లిషుకు అది సరే. యూనికోడ్ UTF-8 రూపంలో తెలుగు అక్షరమో గుణింతపు గుర్తో ఒక్కోటి మూడు బైట్లు, వాటిలో మొదటిది ఎప్పుడూ `E0`, రెండోది `B0` లేదా `B1`. పునరుక్తి లేకపోయినా మన పాఠం బాగా కుదించుకుపోతుంది. దాంతో మంచి పేరాను కూడా పునరుక్తిగా పొరబడి, యాదృచ్ఛికత పెంచి చెడగొట్టే అవకాశం ఉంది. చేత్తో సరిచూసిన ఓ ఇరవై తెలుగు పేరాలను కుదించి, వాటికి వచ్చే నిష్పత్తి చూసి, హద్దును దానికి పైన పెట్టుకోవాలి.

పరీక్ష మార్కులనూ నమ్మలేం. ఈ రంగంలో అందరూ చెప్పే పదదోష శాతం, అసలు పాఠంలో ఉన్న పదాల సంఖ్యతో తప్పులను భాగిస్తుంది. మౌనంలో అసలు పదాలు సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి అలాంటి ముక్కలు మామూలుగా పరీక్షలోకే రావు. మీరు వాడబోయే సాఫ్ట్‌వేర్‌కు పది నిమిషాల ఫ్యాను హోరు, పది నిమిషాల నాదస్వరం విడిగా వినిపించి, ఎన్ని పదాలు రాస్తుందో లెక్కపెట్టండి. సరైన జవాబు సున్నా.

తీసేసిన చోట ఏం పెట్టాలన్నది చివరి ప్రశ్న. వాక్యాన్ని చెరిపేసి ముందూ వెనకా అతికించేస్తే అక్కడ తీర్పు జరిగిన సంగతే ఎవరికీ తెలియదు. `[04:10–04:31 మాట లేదు]` అనో, `[00:00–03:05 నాదస్వరం]` అనో సమయంతో సహా రాయాలి, అసలు ఆడియోను దాచాలి. వైద్యుల సంభాషణలను రాసిపెట్టే ఒక సాఫ్ట్‌వేర్ అసలు ఆడియోను చెరిపేస్తోందని అసోసియేటెడ్ ప్రెస్ 2024 అక్టోబరులో రాసింది. అలా చేస్తే రోగి ఫైలులో అనుమానాస్పద వాక్యం కనిపించిన రోజున, అది వైద్యుడు అన్నదో యంత్రం అన్నదో తేల్చడానికి వినేందుకు ఏమీ మిగలదు.