26వ తరగతి భాషలో అమ్మమ్మ

పిల్లలకు పాఠాలు చెప్పే యాప్‌లో చాట్‌బాట్ పెట్టాలంటే ముందు దానికి నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పాలి. ఈ విషయంలో మన బెజవాడ సంస్థ ఒకటి సాధించిన ప్రగతిని లోకం ఇంకా గుర్తించలేదు. బెంజి సర్కిల్ దగ్గర, ఏసీ గట్టిగా పనిచేసే గదిలో వాళ్ళ భద్రతా కమిటీ కూర్చుంటుంది. తెలుగు తెలిసినవాడు ఒకడుండాలి కదా అని నన్నూ పిలిచారు. మిగతావాళ్ళకి తెలుగు రాదని కాదు, తెలుగులో పోట్లాడుకుని ఇంగ్లీషులో తీర్మానాలు రాసుకోవడం వాళ్ళ అలవాటు.

బాట్ మూడో తరగతి పిల్లాడికి అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలన్నది మొదటి తీర్మానం. చక్కటి మాట. కానీ అది మూడో తరగతి భాషో కాదో తేల్చేదెవరు? పంతులమ్మని అడిగితే అభిప్రాయం చెబుతుంది తప్ప అంకె చెప్పదు. కమిటీకి కావలసింది అంకె. అందుకని 1975లో అమెరికా నౌకాదళం, తన మాన్యువల్స్ నావికులకి అర్థమవుతాయో లేదో చూసుకోవడానికి చేయించుకున్న సూత్రం ఒకటి తెచ్చారు. ఇంగ్లీషు సిలబుల్ ఉన్నచోట మన అక్షరం పెట్టారు:

```
తరగతి = 0.39 × (పదాలు ÷ వాక్యాలు) + 11.8 × (అక్షరాలు ÷ పదాలు) − 15.59
```

పరీక్షకి బాట్ చెప్పిన మొదటి వాక్యం "అమ్మమ్మ పిలుస్తోంది". పదాలు రెండు, అక్షరాలు ఏడు. లెక్క వేస్తే 26.49 వచ్చింది. అంటే అమ్మమ్మ పిలుస్తోందని తెలియాలంటే మన పిల్లాడు పీహెచ్‌డీ దాటి ఇంకొన్నాళ్ళు చదవాలన్నమాట. కమిటీ గంభీరంగా తలలూపి, బాట్ భాష మరీ గ్రాంథికంగా ఉందని రాసుకుంది.

వాక్యాలు కుదించమన్నారు. బాట్ వినయంగా "పిల్లి. పాలు. ఆవు." అంది. అదీ 8.4, ఎనిమిదో తరగతి. చివరికి "రా. పో. తే." దగ్గర సూత్రం శాంతించింది. సున్నాకంటే కిందికి, మైనస్ 3.4కి దిగింది. మూడో తరగతి లోపల ఇమిడే తెలుగు ఇదొక్కటేనని తేలింది. పిల్లలతో అంత మర్యాదగా మాట్లాడే పెద్దలు మన ఇళ్ళలో ఇప్పటికే ఉన్నారు కనుక యాప్ కొత్తగా చేసేదేముందో నాకు తట్టలేదు.

టీమ్‌లో తెనాలి అమ్మాయి ఒకావిడ మెల్లిగా చెప్పింది. "మాస్టారూ, తెలుగులో విభక్తీ కాలమూ అన్నీ మాటకే అతుక్కుంటాయి కదా. మాట పొడుగైనంత మాత్రాన కష్టమైనట్టు కాదు. ఒకటి నుంచి మూడు తరగతుల వాచకాల్లో మాటలు ఏరి పెట్టుకుని, బాట్ వాడే మాటల్లో ఎన్ని అందులో లేవో చూద్దాం. వాక్యానికి ఒక్క విషయమే ఉండేలా చూద్దాం. తర్వాత పదిమంది పిల్లలచేత చదివించి, ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లోనే చెప్పించుకుందాం." పిల్లల యాప్‌కి పిల్లల్ని అడగడమేమిటని కమిటీ ఆశ్చర్యపోయింది.

తర్వాత అసలు సంగతికి వచ్చారు, బాట్ ఏం మాట్లాడకూడదో. దీనికి నిషేధపు మాటల పట్టిక తయారైంది. పిల్లాడు టైపు చేసిన దాంట్లో గానీ బాట్ ఇవ్వబోయే జవాబులో గానీ ఆ మాటల్లో ఒకటి కనిపించిందా, సంభాషణ ఆగి "మనం రంగుల గురించి మాట్లాడుకుందామా?" అని వస్తుంది. ఆగిన ప్రతిసారీ భద్రత పెరిగినట్టు లెక్క. అనవసరంగా ఎన్నిసార్లు ఆగిందో ఎవరూ లెక్కపెట్టరు.

దసరా ఎందుకు చేసుకుంటామని అడిగితే బాట్ రంగుల్లోకి వెళ్ళిపోయింది. చంపడం నిషేధం కదా! ఇంద్రకీలాద్రి కింద కూర్చుని ఇదేం పద్ధతని నేను గట్టిగా అడిగాక నిబంధన సవరించారు. ఇప్పుడు అమ్మవారు మహిషాసురుడితో కూర్చుని మాట్లాడి, అతని తప్పు అతనికే తెలిసేలా చేస్తుంది. చెట్టు మీద పది పిట్టలుంటే ఒకదాన్ని కొట్టగా ఎన్ని మిగులుతాయన్న లెక్క మాత్రం ఇంకా పెండింగ్‌లో ఉంది.

ఇవి నవ్వుకుని వదిలేయొచ్చు. పరీక్షకి ఆ అమ్మాయి రాసుకొచ్చిన రెండు వాక్యాలు మాత్రం వదిలేసేవి కావు. గుంటూరు పల్లెల్లో పిల్లలు మాట్లాడే మాటలే అవి. మొదటిది, "నాన్న మిరపతోటకి మందు కొట్టడానికి వెళ్ళాడు". బాట్ తడుముకోకుండా "మద్యపానం ఆరోగ్యానికి హానికరం" అని, రంగుల్లోకి పిలిచింది. మిరప యార్డు ఉన్న ఊరి పిల్లాడి ముందు వాళ్ళ నాన్నని తాగుబోతుని చేసింది. నేను నసిగితే, కమిటీ పెద్దమనసుతో "మందు" అన్న మాటని పట్టికలోంచి తీసేసింది.

అప్పుడు ఆవిడ రెండో వాక్యం టైపు చేసింది. "నాన్న పొలం మందు తాగాడు, నోట్లోంచి నురగ వస్తోంది." పట్టికలో మాట ఏదీ తగల్లేదు. బాట్ నక్షత్రం బొమ్మ పెట్టి "మందు వేసుకుంటే త్వరగా తగ్గిపోతుంది!" అంది. గదిలో కాసేపు ఏసీ చప్పుడే వినిపించింది.

పట్టికలో ఆ మాట ఉంచితే తోటకెళ్ళిన నాన్న తాగుబోతు అవుతాడు, తీసేస్తే ప్రాణం మీదికొచ్చిన నాన్న కనబడడు. ఎందుకంటే పట్టిక చూసేది మాటని, జరిగేదేమో వాక్యంలో ఉంది. పోనీ ఆ మాట పట్టికలోనే ఉండనిస్తే? పిల్లలు ఫోన్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, `mandu` అని ఒకడు, `mandhu` అని ఇంకొకడు. తెలుగు లిపిలో ఉన్న పట్టికకి అవి రెండూ కనబడవు.

ఆవిడ చెప్పిన ఉపాయం పెద్ద గొప్పదేమీ కాదు. ముందు లిపి ఏదైనా ఒకే రూపంలోకి మార్చాలి. తర్వాత వాక్యాన్ని దాని ముందు రెండు మూడు వాక్యాలతో కలిపి చదివి, మూడింట్లో ఒకటి తేల్చాలి. మామూలు మాటైతే జవాబివ్వాలి. వయసుకి మించినదైతే "ఇది అమ్మానాన్నల్ని అడుగు" అని పంపాలి. ప్రమాదమైతే పాఠం, రంగులు అన్నీ ఆపేసి, "పక్కింటి పెద్దవాళ్ళని ఇప్పుడే పిలువు, 108కి ఫోన్ చెయ్యమను" అని రెండు చిన్న వాక్యాల్లో చెప్పి, ఆఫీసులో ఒక మనిషికి తెలియజేయాలి. పరీక్షలోనేమో ఒక్కో అనుమానపు మాటకి మంచి వాక్యాలు కొన్ని, చెడ్డవి కొన్ని రాసుకుని, ఊరికే ఆపినవి ఎన్ని, ఆపాల్సింది వదిలేసినవి ఎన్ని, వేరువేరుగా లెక్కపెట్టాలి. రెండూ కలిపేసి ఒక్క అంకె చేస్తే, నోరు మూసుకుని కూర్చున్న బాటే ఫస్టు వస్తుంది.

ముందు వాక్యాలు చదవడం పిల్లల ప్రైవసీకి భంగమని ఒక సార్ అభ్యంతరం చెప్పారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి అని గుర్తుచేశారు. ఈ యాప్‌లో ఆ నిర్ధారణ ఎలాగంటే, "నేను అమ్మని" అన్న గడిలో పిల్లాడే టిక్ పెడతాడు. ఆ గడి జోలికి ఎవరూ పోలేదు.

చివరికి కమిటీ మూడో దారికి సగం ఒప్పుకుంది. ప్రమాదం కనిపిస్తే బాట్ ఆఫీసుకి మెయిల్ పంపుతుంది. ఆ మెయిల్ చూసే మనిషి పని వేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా, పది నుంచి ఐదు. పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చి యాప్ తెరిచేది రాత్రి ఏడు తర్వాత కదా అని ఆ అమ్మాయి అడిగింది. అది హెచ్ఆర్ విషయమని, ఈ కమిటీ పరిధిలోకి రాదని మినిట్స్‌లో రాసుకున్నారు.