ఓడితే లాభం లేని లాటరీ

డెల్టాలో ఊరి జట్లతో కబడ్డీ లీగ్ పెట్టాలనుకునే వారు ముందుగా తేల్చుకోవాల్సింది ఆటగాళ్లను ఎలా పంచాలన్నది. ప్రో కబడ్డీలో వేలం పాడతారు. ఊళ్ల మధ్య వేలం పెడితే డబ్బున్న ఊరు మంచి రైడర్లందరినీ ఎగరేసుకుపోతుంది. డ్రాఫ్ట్ మేలని మా అభిప్రాయం. కొత్త కుర్రాళ్ల జాబితా ముందు పెట్టుకుని, జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. మొదటి వంతు కిందటేడు అట్టడుగున నిలిచిన జట్టుదే అంటే న్యాయంగానే ఉంటుంది. కానీ ఎక్కువ ఎండిన చేనుకే ముందు నీళ్లని రూలు పెడితే, తన బోదెకు తానే అడ్డుకట్ట వేసుకునే రైతు ఒకడైనా తయారవుతాడు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, జట్లు కావాలని ఓడే ఈ బాధ పడే 1985లో వంతులకు లాటరీ మొదలుపెట్టింది. ప్లేఆఫ్స్‌కు వెళ్లని జట్లన్నిటికీ అప్పుడు సమాన అవకాశం ఇచ్చారు. తర్వాత బలహీన జట్లకు ఎక్కువ వాటా ఇచ్చారు. ఒక దశలో ఆఖరి జట్టుకు 25 శాతం, దాని పైజట్టుకు 19.9 శాతం దక్కేవి. అంటే ఒక్క మెట్టు కిందికి జారితే అయిదు శాతం లాభం. కావాలని ఓడే జట్టు చూసేది ఈ మెట్టు ఎత్తునే. 2019లో అట్టడుగు మూడు జట్లకూ 14 శాతం చొప్పున ఇవ్వడం మొదలుపెట్టారు. వాటి మధ్య మొదటి వంతు కోసం ఓడాల్సిన పని లేదు.

అయినా రెండు చిక్కులు మిగిలాయి. 2023లో డల్లాస్ జట్టుకు ప్లేఆఫ్స్ ఆశ ఇంకా ఉండగానే, సీజన్ చివర్లో ముఖ్య ఆటగాళ్లను పక్కన కూర్చోబెట్టింది. పాత ఒప్పందం ప్రకారం డ్రాఫ్ట్‌లో దాని వంతు మొదటి పదిలో పడితేనే అది తనకు మిగులుతుంది, లేకపోతే వేరే జట్టుకు పోతుంది. లీగ్ ఏడున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. రెండోది బలహీనులకు జరిగే అన్యాయం. 2025లో 82 మ్యాచ్‌ల్లో 17 మాత్రమే గెలిచిన యూటా అయిదో వంతుకు పడిపోయింది. 39 గెలిచిన అదే డల్లాస్, 1.8 శాతం అవకాశంతో మొదటి వంతు కొట్టేసింది. మెట్లు చదును చేస్తే మోసం తగ్గుతుంది గానీ, నిజంగా ఆట రాక ఓడిన జట్టుకు ఆసరా కూడా తగ్గుతుంది.

మన లీగ్‌కు మేము సూచించే దారి ఇది. ఎనిమిది జట్లు, ఒక్కొక్కటి ఏడాదికి 14 మ్యాచ్‌లు. సెమీస్‌కు వెళ్లని నాలుగు జట్లకే లాటరీ. బలహీనత కొలిచేందుకు ఈ ఏటి గెలుపులే కాక, గతేడాదివీ కలపాలి. మహిళల డబ్ల్యూఎన్‌బీఏలో రెండేళ్ల లెక్కే చూస్తారు. ఏడాదిలో చివరి నాలుగు మ్యాచ్‌లు వదిలేయడం తేలికే, రెండేళ్ల పాటు అభిమానుల ముందు ఓడుతూ ఉండడం కష్టం. దానికి తోడు ఒక కనీస గీత ఉండాలి. మొత్తం 28 మ్యాచ్‌ల్లో ఎనిమిది కంటే తక్కువ గెలిచిన జట్టును ఎనిమిది గెలిచినట్టే లెక్కించాలి.

ఉదాహరణకు రాజోలు 5, ముమ్మిడివరం 7, తణుకు 10, పాలకొల్లు 13 గెలిచాయనుకుందాం. గీత వల్ల మొదటి రెండూ సమానం. వాటికి చెరో 30 శాతం, తణుకుకు 25, పాలకొల్లుకు 15. మొదటి రెండు వంతులకే లాటరీ తీసి, మిగిలినవి బలహీనత వరసలో ఇవ్వాలి. గీత కింద సమానంగా ఉన్న జట్లను మాత్రం చీటీ వేసి విడదీయాలి. ఎక్కువ ఓడినవారికి ముందు అంటే పాత మెట్టు దొడ్డిదారిన తిరిగొస్తుంది. ఈ లెక్కన రాజోలు మొదటి రెండు వంతుల్లో ఒకటి అందుకునే అవకాశం 58 శాతం, పాలకొల్లుకు 33. రాజోలు నాలుగో వంతుకు పడేది వందలో అయిదు సార్ల లోపే. ఆఖరి రోజు రాజోలు, ముమ్మిడివరం తలపడితే, ఎవరు ఓడినా వాటా మారదు. ఇక గెలవడానికే ఆడతారు.

ఇదీ సంపూర్ణం కాదని మాకు తెలుసు. గీతకు కాస్త పైన, తొమ్మిది పది గెలుపుల దగ్గర ఉన్న జట్టుకు అయిదు శాతం మెట్టు మిగిలే ఉంటుంది. గీత మరీ పైకి జరిపితే బాగా ఆడే జట్టూ బలహీనుల్లో కలిసిపోతుంది. అందుకే నిర్వాహకులు ఒక లెక్క రాసిపెట్టుకోవాలి. సెమీస్ ఆశ పోయాక ప్రతి జట్టు తన మేటి రైడర్‌ను మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఆడించింది, అంతకుముందు ఎన్ని నిమిషాలు ఆడించింది? 40 నిమిషాల ఆటలో 35 ఆడేవాడు ఉన్నట్టుండి 15కి దిగితే, డాక్టర్ కాగితం అడగాలి. కాగితం లేకపోతే ఆ జట్టు వాటాలో సగం కోసి, మిగతా మూడింటికి పంచాలి. ఈ రూలుతో పాటు శాతాలన్నీ మొదటి మ్యాచ్‌కు ముందే అచ్చువేసి జట్లకు ఇవ్వాలి.