వడ్డీ లేని అప్పు, జాడీ లేని ఆవకాయ

అప్పులివ్వడం బ్యాంకుల పని అనుకునేదాన్ని. ఈ మే నెలలో నేనూ ఒక ఆన్‌లైన్ కంపెనీకి అప్పిచ్చాను. 1,849 రూపాయలు, వడ్డీ లేదు, నోటు లేదు, గడువు వాళ్ల దయ. అప్పిస్తున్నానని అప్పట్లో నాకు తెలీదు, పది కిలోల ఆవకాయ జాడీ కొంటున్నాననుకున్నాను.

"రెండే మిగిలాయి" అని ఎర్రక్షరాల్లో కనబడితే కంగారుపడి యూపీఐ పిన్ను కొట్టేశాను. డబ్బు రెప్పపాటులో వెళ్లిపోయింది. మూడో రోజు, అంటే జాడీ వచ్చేస్తుందని మేం కాయలు కొట్టించి, టెంక మీది పొర తీసి, తుడిచి ఆరబెట్టుకున్న రోజు, మెసేజ్ వచ్చింది: స్టాక్ లేదు, ఆర్డర్ రద్దయింది, రిఫండ్ మొదలైంది, 5 నుంచి 7 పని దినాలు. మామిడికాయకు పని దినాలేమిటండీ!

ఆ రెండు జాడీలూ ఏమయ్యాయంటారా? అవి గోడౌన్‌లో లేవు, లెక్కలో ఉన్నాయి. అమ్మేవాళ్లు ఒకే సరుకును నాలుగు సైట్లలో పెడతారు, ఒకచోట అమ్ముడైతే మిగతా చోట్ల అంకె మారడానికి టైం పడుతుంది, ఈలోగా పగిలిపోయిన జాడీ కూడా కంప్యూటర్లో నిక్షేపంగా ఉంటుంది.

ఎనిమిదో రోజు ఫోన్ చేస్తే "మా వైపు అయిపోయింది మేడమ్, బ్యాంకును అడగండి" అన్నారు. బ్యాంకువాళ్లు "మాకేం రాలేదు" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. "మొదలైంది" అంటే వాళ్ల సిస్టంలో నమోదైందనే కానీ డబ్బు కదిలిందని కాదు. కదిలితే దానికో 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, అది చెబితే బ్యాంకు వెతకగలదు. అదే అడిగాను. కాసేపు పాట వినిపించి, "24 గంటల్లో పంపిస్తాం" అన్నారు. మర్నాడు నంబర్ వచ్చింది. దాని మీద తేదీ కూడా ఆ మర్నాటిదే!

మా బావగారు "రోజుకు 100 రూపాయలు పరిహారం వస్తుందిగా" అన్నారు. రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఆ నియమం పేమెంట్ ఫెయిలై, గడువులోగా డబ్బు తిరిగి రానప్పటికి. నాది దిగ్విజయంగా సక్సెస్ అయింది, అదే నా నేరం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ నెలలో ఆవకాయ ఊరిపోతుంది కూడా.

పన్నెండో రోజు డబ్బు పడింది, సరిగ్గా 1,849. ఆవకాయ మాత్రం ఎప్పుడో పక్కింటి పిన్నిగారి జాడీలో కలిపేశాం. ఆవిడ నాలా అమాయకురాలు కాదు, జాడీ ఇస్తూనే వడ్డీ కింద కిలో ఆవకాయ, పైన తేరిన నూనెతో సహా, ముందే మాట్లాడేసుకుంది.